ఉద్యోగం అడగని ఈమెయిల్: ఇరవై నిమిషాల మాట కోసం ఎలా రాయాలి?

తల్లిదండ్రులకు, పై తరగతుల విద్యార్థులకు, డిగ్రీ ముగించిన మన బడి పాత పిల్లలకు ఈ వ్యాసం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బాగేపల్లి దగ్గర పల్లెలో రెండెకరాల మల్బరీ తోట ఉన్న కుటుంబం. కూతురు చింతామణి సెరికల్చర్ కాలేజీలో నాలుగేళ్ల బి.ఎస్సీ. ముగించింది. ఇప్పుడేమి చేయాలి? ఎం.ఎస్సీ. చేరితే ఇంకో రెండేళ్లు, ఇంకొంచెం అప్పు. శిడ్లఘట్టలో దారం తీసే ఆటోమేటిక్ రీలింగ్ యూనిట్‌లో పనికి చేరితే ఇప్పుడే జీతం వస్తుంది, కానీ అక్కడ డిగ్రీ చదివినవాళ్లకు పైకి పోయే దారి ఉందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్న ఏళ్ల తరబడి మార్కెట్టుకు గూళ్లు వేస్తున్నాడు. గూడు ధర తెలుసు గానీ, యూనిట్ లోపల ఉద్యోగం ఎట్లుంటుందో ఆయనకూ తెలియదు. తెలిసినవాళ్లు ఆ యూనిట్‌లో పని చేసేవాళ్లే. అదే కాలేజీలో కొన్నేళ్ల ముందు చదివి, ఇప్పుడు ఒక యూనిట్‌లో దారం నాణ్యత చూసే ఇన్‌చార్జి ఒకరు ఉన్నారని లెక్చరర్ చెప్పి, ఆయన ఈమెయిల్ ఇచ్చారు అనుకుందాం.

మన పిల్లలు మామూలుగా రాసే మొదటి ఉత్తరం ఇట్లుంటుంది:

"గౌరవనీయులైన సార్ గారికి, నేను బి.ఎస్సీ. పాసయ్యాను. కష్టపడి పని చేస్తాను. మీ సంస్థలో ఏదైనా అవకాశం ఉంటే దయచేసి ఇప్పించగలరని వినయపూర్వకంగా కోరుకుంటున్నాను. నా రెజ్యూమే జత చేశాను. మీ విలువైన సలహా కూడా ఇవ్వగలరు."

దీంట్లో మర్యాదకు లోటు లేదు. బడిలో సెలవు చీటీ రాయడం నేర్పినప్పుడు మేమే నేర్పిన ధోరణి ఇది, తప్పు మాది కూడా! కానీ జవాబు రావడం కష్టం. ఉద్యోగం ఇచ్చేది ఆయన కాదు, యజమాని. 'లేదు' అని రాయడానికి మొహమాటపడి పక్కన పెడతాడు. సలహా అడిగారు గానీ దేని గురించో చెప్పలేదు. జవాబు రాయాలంటే ముందు ప్రశ్న ఏమిటో ఆయనే ఊహించుకోవాలి. రెజ్యూమే జత చేయడంతో అది దరఖాస్తు అయిపోయింది, సలహా మాట వెనక్కి పోయింది.

అడగాల్సింది పని కాదు, ఆ పని గురించిన సమాచారం. ఇట్లా మాట్లాడటాన్ని 'ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ' అంటారు. ఉద్యోగం వెతికేవాళ్ల కోసం అమెరికాలో రిచర్డ్ బోల్స్ 1970లో మొదట అచ్చువేసిన పుస్తకం వల్ల ఈ మాట బాగా వ్యాపించింది. పద్ధతి మాత్రం మనకు కొత్త కాదు. సంబంధం కుదుర్చుకునే ముందు ఆ ఊరివాళ్లను నాలుగు మాటలు అడిగి వస్తాం కదా!

ఇప్పుడు అదే అమ్మాయి మార్చి రాసిన ఉత్తరం చూడండి. విషయం గీతలో: "చింతామణి కాలేజీ జూనియర్ – రీలింగ్ యూనిట్ పని గురించి 20 నిమిషాలు".

"నమస్కారం సార్. నేను ఈ ఏడాది చింతామణి సెరికల్చర్ కాలేజీలో బి.ఎస్సీ. ముగించాను. మా లెక్చరర్ గారు మీ గురించి చెప్పారు. మాది బాగేపల్లి వైపు, ఇంట్లో గూళ్లు పండిస్తాం. ఎం.ఎస్సీ. చేరాలా, ముందు రీలింగ్ యూనిట్‌లో పని నేర్చుకోవాలా అని ఈ నెలాఖరులోగా తేల్చుకోవాలి. మీ యూనిట్‌లో గూళ్ల లాటు చూసి రెండిట్టా అంచనా వేసేది ఎవరు, ఆ పనికి డిగ్రీ ఎంతవరకు ఉపయోగపడింది అన్నది మీ అనుభవం నుంచి తెలుసుకోవాలని ఉంది. వచ్చే వారం ఏదో ఒక రోజు సాయంత్రం 4 తర్వాత 20 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా? నేను ఉద్యోగం అడగడానికి రాయడం లేదు. వీలు కాకపోతే ఫర్వాలేదు సార్."

కింద పేరు, ఫోన్ నంబరు. అంతే, జతలేమీ లేవు.

ఈ ఉత్తరానికి బలం మధ్యలో ఉన్న ప్రశ్నే. రెండిట్టా అంటే ఒక కిలో పచ్చి పట్టు రావడానికి ఎన్ని కిలోల గూళ్లు పట్టాయన్న లెక్క. ఆ అంకె తగ్గితే యూనిట్‌కు లాభం, పెరిగితే నష్టం. కొనే ముందే లాటు చూసి దాన్ని సరిగ్గా ఊహించగలిగే మనిషికి యూనిట్‌లో విలువ ఉంటుంది. ఆ నేర్పు చదువుతో వచ్చిందా, ఏళ్లకొద్దీ మార్కెట్టులో నిలబడితే వచ్చిందా అన్నది ఏ వెబ్‌సైటులోనూ దొరకదు. ఆయన మాత్రం ఆలోచించకుండా చెప్పగలడు. "రేష్మె రంగంలో భవిష్యత్తు ఎట్లుంది?" అని అడిగితే ఆయన కూడా పేపర్లో ఉన్నదే చెబుతాడు. మీ ప్రశ్నను ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. జవాబు అక్కడే దొరికితే ప్రశ్న మార్చాలి.

సాయంత్రం 4 తర్వాత అని ఎందుకంటే, పొద్దున గూళ్ల వేలం, ఆ తర్వాత యూనిట్‌కు సరుకు దింపుకోవడం ఉంటాయి. ఎవరికి రాస్తున్నామో వాళ్ల రోజు ఎట్లా నడుస్తుందో కనుక్కుని టైము అడగాలి. బ్యాంకులో పనిచేసేవాళ్లకైతే నెలాఖరు వద్దు.

ఏ భాషలో రాయాలి? ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, కంప్యూటర్‌లో ఇంగ్లీషు, ఇది మన జిల్లా సంగతి. ఆ మనిషి పనిలో రాసే భాషలోనే రాయండి. ఇక్కడ అందరికీ అర్థం కావాలని తెలుగులో ఇచ్చాం. ఫోన్‌లో ఆయనే తెలుగులోకి దిగితే సంతోషం.

జవాబు రాకపోతే వారం, పది రోజులు ఆగి, అదే ఉత్తరం కింద రెండు వాక్యాలతో ఒక్కసారి గుర్తు చేయవచ్చు. రెండోసారి వద్దు, ఇంకొకరికి రాయండి. పిల్లల తరఫున నాన్నలు ఫోన్ చేసి "మా అమ్మాయికి కొంచెం చూడండి సార్" అనడం కూడా వద్దు. ఒక్క మాటతో అది మళ్లీ ఉద్యోగం అడిగినట్టయిపోతుంది. తల్లిదండ్రులు చూసుకోవాల్సింది వేరే ఉంది. ఎవరితో, ఎప్పుడు మాట్లాడుతుందో ఇంట్లో తెలిసి ఉండాలి. నేరుగా కలవాలంటే పని వేళల్లో, పని జాగాలోనే. మాట్లాడటానికో, ఉద్యోగం చూపించడానికో డబ్బు అడిగితే అక్కడితో ఆపేయాలి.

ఫోన్ కలిసిన రోజు రాసుకున్న ప్రశ్నలు నాలుగైతే చాలు. ఇరవై నిమిషాలు కాగానే "టైము అయింది సార్" అని మీరే అనాలి. ఆయనే పొడిగిస్తే వేరే సంగతి. చివర్లో "ఇంకెవరితో మాట్లాడితే మంచిది?" అని అడగండి. ఒక్క మనిషి చెప్పేది ఒక్క యూనిట్ కథే. నాణ్యత చూసే ఆయన ఎం.ఎస్సీ. అక్కర్లేదు అనొచ్చు. సెంట్రల్ సిల్క్ బోర్డు పరిశోధనా కేంద్రంలో ఉన్నవాళ్లు అది లేకుండా లోపలికే రాలేరు అనొచ్చు. ఇద్దరూ తమ తమ చోట నిజమే చెబుతున్నారు. అందుకే ముగ్గురితోనైనా మాట్లాడాకే నాన్నతో కూర్చుని అప్పు లెక్క వేసుకోవాలి.

మరుసటి రోజులోపు థ్యాంక్స్ చెబుతూ మూడు వాక్యాలు రాయాలి. అందులో ఆయన చెప్పిన ఒక్క విషయం పేరుపెట్టి ఉండాలి: "లాటు చూడటం నేర్చుకోవాలంటే పదిహేను రోజులు పొద్దున్నే మార్కెట్టుకు పొమ్మన్నారు, సోమవారం నుంచి నాన్నతో పోతున్నాను సార్." రెండు మూడు నెలల తర్వాత ఏమి తేల్చుకున్నారో ఇంకో చిన్న ఉత్తరంలో చెప్పండి.

ఇట్లాంటి ఉత్తరం రాయాలనుకున్న పాత విద్యార్థులు చిత్తుప్రతి తెచ్చి టీచర్లకు చూపించవచ్చు. ప్రశ్న ఒక్కటి మాత్రం మీరే రాసుకుని రండి.