మీకు తెలుసా? ఆకాశంలో ఆ చుక్క ఎక్కడిది?

ఆకాశం ఫొటోలో కనిపించే మసక చుక్క చాలాసార్లు లెన్స్ మీది దుమ్ము కాదు. సెన్సర్ ముందుండే గాజు ఫిల్టర్ మీద వాలిన నలుసు నీడ అది. అందుకే వరుస ఫొటోలన్నిటిలో ఒకే చోట ఉంటుంది. f/2.8 దగ్గర దాదాపు మాయమై, f/16 దగ్గర స్పష్టంగా తేలుతుంది.

ఫొటోషాప్‌లో దీన్ని తీసేముందు పైన ఒక ఖాళీ లేయర్ తెరిచి, స్పాట్ హీలింగ్ బ్రష్‌కు Sample All Layers టిక్ పెట్టండి. దిద్దుబాటంతా ఆ లేయర్‌లోనే పడుతుంది, అసలు ఫొటో చెక్కుచెదరదు. అన్నిటికంటే పైన కర్వ్స్ లేయర్ వేసి కాంట్రాస్ట్ బాగా పెంచితే, మామూలుగా కంటికి ఆనని మచ్చలూ బయటపడతాయి. వాటి చోటు గుర్తుపెట్టుకున్నాక ఆ లేయర్‌ను తప్పక దాచేయండి. లేదంటే పెరిగిన కాంట్రాస్ట్‌తోనే రంగు నమూనా తీసుకుని, బ్రష్ కొత్త మచ్చ వేస్తుంది!

బ్రష్ మచ్చకంటే కాస్త పెద్దగా ఉంచి, లాగకుండా ఒక్క క్లిక్ చేస్తే చాలు. మచ్చ కొండ అంచునో, కరెంటు తీగనో ఆనుకుని ఉంటే మాత్రం ఈ బ్రష్ ఆ అంచును అలికేస్తుంది. అక్కడ నమూనా చోటు మనమే ఎంచుకునే క్లోన్ స్టాంప్ నయం.

స్టూడియో తెర మీద ఫ్లాష్ వేసిన పెద్ద తెల్లటి వెలుగు ఈ బ్రష్‌కు లొంగదు. మచ్చ పోయినా చుట్టూ ఉన్న రంగుల క్రమం తెగిపోతుంది. దానికి లైటు కోణం మార్చి మళ్లీ ఫొటో తీయడమే సరైన మందు.