‘ఆదివారం వస్తున్నాం’ అనే ముందు

జాతకాలు కుదిరాయి, ఫోటోలు రెండువైపులా నచ్చాయి. మధ్యవర్తి నంబర్లు ఇచ్చేశాక మొదటి ఫోను సాధారణంగా అబ్బాయి వైపు నుంచే వెళ్తుంది. పెళ్లిచూపుల మర్యాద అక్కడే మొదలవుతుంది.

అబ్బాయి వాళ్లది హైదరాబాద్, అమ్మాయి వాళ్లది రాజమహేంద్రవరం, అమ్మాయి ఉద్యోగం బెంగళూరులో అనుకుందాం. అబ్బాయి తల్లి ఫోన్ చేసి, “ఆదివారం సాయంత్రం 5 గంటలకు వస్తున్నామండీ” అన్నారు. మాటలో అమర్యాద లేదు. కానీ ఆదివారం 4.30 నుంచి 6 దాకా రాహుకాలం. పట్టింపు ఉన్న ఇంటివాళ్లు మొదటి ఫోనులోనే కాదనలేక, “మళ్లీ చెబుతామండీ” అంటారు. అవతలివాళ్లకు అది ఇష్టం లేనట్టు వినిపిస్తుంది. అమ్మాయికి సెలవు దొరుకుతుందో లేదో ఎవరూ అడగనేలేదు.

అదే మాట ఇలా అడిగితే చిక్కు ఉండదు: “మీకు వీలైనప్పుడు ఒకసారి మీ ఇంటికి రావాలనుకుంటున్నామండీ. అమ్మాయి వీలు కనుక్కుని, పంచాంగం చూసుకుని, రెండు రోజులు చెప్పండి. మావాడికి శని, ఆదివారాలు కుదురుతుంది.” వర్జ్యం, దుర్ముహూర్తం వాళ్లే చూసుకుని, “వచ్చే ఆదివారం ఉదయం పదిన్నరకు దయచేయండి” అంటారు. సంబంధం ఖాయం కాకముందే వదినగారు, బావగారు అని పిలవడం నాకు తొందరపాటుగానే తోస్తుంది. పేరు చివర గారు, మాట చివర అండీ చాలు.

“ఎంతమంది వస్తున్నారు?” అంటే తలలు లెక్కపెట్టినట్టుంటుంది. “ఎవరెవరు దయచేస్తున్నారండీ?” అని అడగవచ్చు. “మేమిద్దరం, అబ్బాయి, మా ఆడపడుచు” అని చెప్పినవాళ్లు ఆ నలుగురే రావాలి. చివరి నిమిషంలో రెండో కారు నిండా బంధువులు దిగితే చిన్న హాలులో అమ్మాయి ఎక్కడ కూర్చోవాలి? మాటకలవకముందు ఆ ఇంట భోంచేయని కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుకని, “భోజనాలు పెట్టుకోకండి, రాత్రి రైలుకొచ్చి మా చుట్టాలింట్లో దిగుతున్నాం, కాఫీ చాలు” అని ముందే చెబితే ఆ ఇంటి ఆడవాళ్లకు వంట శ్రమ తప్పుతుంది.

చోటు దగ్గర ఇంకొంచెం మెలకువ కావాలి. ఇరుగుపొరుగుకు తెలియడం ఇష్టంలేకో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకో అమ్మాయి వాళ్లు గుడి దగ్గరో, బంధువుల ఇంట్లోనో కలుద్దామనవచ్చు. “అలాగేనండీ, ఎక్కడైనా మాకు అభ్యంతరం లేదు” అనాలి, కారణం అడగకూడదు. గుడిలో మర్యాదల హడావిడి ఉండదు కానీ, అమ్మాయీ అబ్బాయీ పది నిమిషాలు విడిగా మాట్లాడుకోవడానికి వీలుండే చోటు చూసుకోవాలి. పండగ రోజు అయితే అది దొరకదు.

ఖాయమైన రోజు, వేళ, చిరునామా వాట్సాప్‌లో ఒకసారి పంపాలి. రైలు ఆలస్యమైతే స్టేషన్ నుంచే చెప్పాలి. సెలవు తీసేటప్పుడు, “ఇంట్లో మాట్లాడుకుని బుధవారంలోగా ఫోన్ చేస్తామండీ” అనాలి. వద్దనుకున్నా సరే, ఆ బుధవారం పెద్దవాళ్లే స్వయంగా ఫోన్ చేసి చెప్పాలి.