మూడో వారంలో రాలే జుట్టు

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నవాళ్లను బాగా భయపెట్టేది మూడో వారం. అప్పటికి నొప్పి పోయి ఉంటుంది, ముఖం వాపు తగ్గి ఉంటుంది, నాటిన చోట పొట్టి వెంట్రుకలు నల్లగా కనిపిస్తుంటాయి. అద్దంలో చూసుకుని మురిసిపోయే సమయానికి ఒకరోజు తలస్నానంలో అవి గుత్తులుగా వేళ్లకు అంటుకుని వచ్చేస్తాయి. పెట్టిన డబ్బంతా నీళ్లలో పోయిందనిపిస్తుంది. నిజానికి అప్పుడు రాలేది పైకి కనిపించే వెంట్రుక మాత్రమే. కుదురు చర్మం లోపల భద్రంగానే ఉంటుంది. మొదటి పది రోజుల్లో జాగ్రత్త ఎందుకో, ఆ తర్వాత భయం ఎందుకు అక్కర్లేదో అర్థం కావాలంటే ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

హైదరాబాద్‌లో ఒక ముప్పై నాలుగేళ్ల ఉద్యోగి నుదుటి పైభాగంలో ఎఫ్‌యూఈ పద్ధతిలో 2,400 గ్రాఫ్టులు వేయించుకున్నాడనుకుందాం. తల వెనుక భాగం నుంచి సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పుండే పంచ్‌తో ఒక్కో కుదురునూ తీసి, ముందు భాగంలో చేసిన సన్నని గాట్లలో పెడతారు. ఒక్కో గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి. వాటిని పట్టి ఉంచడానికి కుట్లేమీ ఉండవు. గాటు చుట్టూ గడ్డకట్టిన కాస్త రక్తమే వాటికి ఆధారం. అందుకే మొదటి రోజుల్లో గీరినా, దిండుకు రాసుకున్నా, కారెక్కుతూ తల తగిలించుకున్నా గ్రాఫ్టు ఊడిపోవచ్చు.

ఊడిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. కుదురుతో సహా గ్రాఫ్టు బయటికొస్తే ఆ చోట రక్తం వస్తుంది. అప్పుడు శుభ్రమైన గాజు గుడ్డతో కొన్ని నిమిషాలు మెల్లగా అదిమి పట్టి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఇంట్లో దాన్ని తిరిగి పెట్టే ప్రయత్నం చేయకూడదు. రక్తం లేకుండా ఉత్త వెంట్రుక వస్తే కంగారు పడనక్కర్లేదు.

మొదటి కొన్ని రాత్రులు రెండు మూడు దిండ్లు వేసుకుని, తల ఎత్తులో ఉంచి, వెల్లకిలా పడుకోమంటారు. ఆపరేషన్‌లో తల చర్మంలోకి ఎక్కించిన మత్తు మందు, ద్రవం మెల్లగా కిందికి దిగుతాయి. అందుకే మూడు నాలుగు రోజులకు నుదురు, ఒక్కోసారి కనురెప్పలు కూడా ఉబ్బుతాయి. చూడ్డానికి భయంగా ఉన్నా వారం లోపల అదే తగ్గిపోతుంది. ఐసు పెట్టుకోవాలంటే నుదుటి మీదే పెట్టుకోవాలి, గ్రాఫ్టుల మీద పెట్టకూడదు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో సెలైన్ స్ప్రే కొట్టుకోమనేది కూడా ఈ రోజుల్లోనే. తడి ఉంటే రక్తం, రసి ఎండి మందపాటి పక్కులుగా గట్టిపడవు.

తల కడగడం సాధారణంగా రెండు మూడు రోజుల్లోపే మొదలవుతుంది. మొదటిసారి చాలా క్లినిక్‌లు తామే కడిగి చూపిస్తాయి. అది శ్రద్ధగా చూసి నేర్చుకోవాలి. చిన్నపిల్లల షాంపూ లాంటిదాన్ని అరచేతుల్లో నురగ చేసి, ఆ నురగను నాటిన చోట అద్దాలి. రుద్దకూడదు. ఒకట్రెండు నిమిషాలాగి, గోరువెచ్చని నీళ్లు మగ్గుతో మెల్లగా పోసుకోవాలి. షవర్ ధార నేరుగా పడకూడదు. తువ్వాలుతో తుడవకుండా తడి అద్దుకోవాలి లేదా గాలికి ఆరనివ్వాలి. తల వెనుక, అంటే గ్రాఫ్టులు తీసిన చోట, వేళ్లతో మామూలుగానే కడుక్కోవచ్చు.

పక్కుల దగ్గర పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. కొందరు ఐదో రోజునే దురదకు తట్టుకోలేక గిల్లుతారు. ఇంకొందరు భయంతో మూడు వారాలైనా ముట్టుకోరు. బెర్న్‌స్టీన్, రాస్‌మన్ అనే ఇద్దరు వైద్యులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఈ విషయాన్నే పరీక్షించి చూశారు. మొదటి ఐదు రోజుల్లో అంటుకున్న పక్కును లాగితే గ్రాఫ్టు దానితోపాటే వచ్చేసింది. ఆ తర్వాత ఆ ప్రమాదం రోజురోజుకూ తగ్గింది. తొమ్మిదో రోజుకు గ్రాఫ్టులు గట్టిగా నిలదొక్కుకున్నాయి. మన ఉద్యోగి డాక్టర్ చెప్పినట్టు ఎనిమిది, పది రోజుల మధ్య నుంచి నురగను పది నిమిషాలు నాననిచ్చి, గోళ్లు తగలకుండా వేలి కొసలతో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాలి. రెండు వారాలకు తల శుభ్రపడాలి. ఇంకా పక్కులు ఉండిపోతే దురద పెరుగుతుంది, కింద చీము పట్టే వీలూ ఉంటుంది. ఊడిన పక్కులో చిన్న వెంట్రుక గుచ్చుకుని ఉంటుంది, దాని కింద ఎండిన ముద్ద కుదురులా కనిపిస్తుంది. చాలామంది ఏడ్చినంత పని చేసేది దాన్ని చూసే. రక్తం లేదు కాబట్టి కుదురు లోపలే ఉంది.

ఇక షాక్ లాస్. రెండో వారం నుంచి ఆరో వారం లోపల నాటిన వెంట్రుకల్లో అధికభాగం రాలిపోతాయి. నాటు వేసిన వరి కొన్నాళ్లు పసుపెక్కి వాడి, తర్వాత మూన తిరుగుతుంది కదా, ఇదీ అలాంటిదే. తీసి నాటే మధ్యలో కుదురుకు రక్తప్రసరణ తెగుతుంది. ఆ దెబ్బకు అది ఎదుగుదల ఆపి విశ్రాంతి దశలోకి వెళ్తుంది, పాత వెంట్రుకను వదిలేస్తుంది. ఆ దశ సుమారు మూడు నెలలుంటుంది. కొందరికి రాలడం తక్కువగా ఉంటుంది, అంతమాత్రాన వాళ్లకు ఫలితం ఎక్కువని కాదు.

రాలేవి నాటినవే కానక్కర్లేదు. పక్కనున్న సొంత జుట్టు, వెనక గ్రాఫ్టులు తీసిన చోటి జుట్టు కూడా కొంత పలచబడవచ్చు. వాటిలో ఆరోగ్యంగా ఉన్నవి కొన్ని నెలల్లో తిరిగి వస్తాయి. బట్టతల వల్ల అప్పటికే నూగులా సన్నబడినవి మాత్రం రాకపోవచ్చు. సొంత జుట్టును నిలబెట్టుకోవడానికి మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ వంటి మందుల గురించి ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలనేది ఇందుకే.

రెండు, మూడు నెలల మధ్య తల ఆపరేషన్‌కు ముందున్నట్టే, ఒక్కోసారి అంతకన్నా పలచగా కనిపిస్తుంది. ఓపికకు అసలు పరీక్ష ఇక్కడే. మూడు, నాలుగు నెలలకు కొత్త వెంట్రుకలు అక్కడొకటి ఇక్కడొకటి మొలుస్తాయి. సన్నగా, ఒక్కోసారి వంకరగా ఉంటాయి. బయటికి వచ్చేటప్పుడు చిన్న మొటిమలు కూడా రావచ్చు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి, నాలుగో నెలలో మొలిచింది ఆరో నెలకు రెండు సెంటీమీటర్లే ఉంటుంది. పైగా ఆలస్యంగా మేలుకునే కుదుళ్లు ఇంకా చాలా ఉంటాయి. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య మార్పు బాగా తెలుస్తుంది, ఏడాదికి వెంట్రుక లావెక్కుతుంది.

ఓపిక పట్టకూడనివీ కొన్నున్నాయి. నాటిన చోట చర్మం బూడిద రంగుకో నలుపుకో తిరగడం, నొప్పి తగ్గాల్సింది పెరగడం, చీము, జ్వరం. చర్మానికి రక్తం అందక కుళ్లే ప్రమాదం అరుదే గానీ, పొగతాగేవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు ఎక్కువ. ఇలాంటప్పుడు ఫోటో పంపి ఎదురుచూడకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించుకోవాలి.

మన దగ్గర అందరూ అడిగే ప్రశ్నలు మూడు. తలకు రాసుకుని పోయే బిగుతు హెల్మెట్ కనీసం మొదటి రెండు వారాలు వద్దు. అంటే అన్నాళ్లూ బండి కూడా వద్దనే. కొబ్బరినూనె పక్కులన్నీ పోయి, ఎరుపు తగ్గి, డాక్టర్ సరేనన్నాకే. తిరుమల మొక్కుంటే, గుండు కొట్టించినా నాటిన జుట్టు మళ్లీ వస్తుంది, కానీ కత్తి తగిలే చర్మం పూర్తిగా మానడానికి కొన్ని నెలలు ఆగమంటారు. ఎండలో తిరిగేటప్పుడు మొదటి నెలల్లో వదులైన టోపీ పెట్టుకోవాలి.

ఇంకోసారి నాటించుకోవాలా అన్న లెక్క ముందు భాగానికి పన్నెండు నెలలు నిండాకే వేస్తారు. నడినెత్తి సుడి దగ్గర జుట్టు ఇంకా నిదానంగా వస్తుంది, అక్కడ పదిహేను నుంచి పద్దెనిమిది నెలల దాకా ఆగాలి.