ఆటో డబ్బులకు రసీదు ఏదీ?

ఆఫీసు పనిమీద ఊరెళ్లొచ్చిన చాలామంది, జేబులో మిగిలిన కాగితాలన్నీ కవర్లో కుక్కి ఎకౌంట్స్ టేబుల్ మీద పెట్టేస్తారు. నెల తిరిగినా డబ్బు పడలేదని చిరాకు పడతారు. అలాంటి కవర్లు విప్పే సీట్లో చాలాకాలం కూర్చున్నదాన్ని. అవతలి మనిషి చూసేది మూడే: ఎప్పుడు ఖర్చయింది, దేనికయింది, ఏ రూలు కింద ఇవ్వాలి.

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లొచ్చిన ఒకరి లెక్కే తీసుకుందాం. 8వ తేదీ రాత్రి రైలెక్కి, 9, 10 రాత్రులు హోటల్లో ఉండి, 11 సాయంత్రం తిరుగు రైలు పట్టుకున్నారు. రైలు టికెట్లు రానుపోను 2,300. హోటల్ రాత్రికి 2,800 చొప్పున 5,600. మూడు రోజుల భోజనాలు 480, 560, 410, కలిపి 1,450. ఆటోలు 180, 220, 150, 140, మొత్తం 690.

ఆ కంపెనీ పాలసీలో గది అద్దె పరిమితి రాత్రికి 2,500. మామూలుగా జనం 5,600 అనే రాసేసి, కోత పడ్డాక గొడవకు దిగుతారు. ఈయన తానే 5,000 వేసి, పక్కన 'పాలసీ 4.2 ప్రకారం; పైన 600 సొంత ఖర్చు' అని రాశారు. అడగాల్సిన ప్రశ్నే లేకుండా పోయింది.

తంటా అంతా ఆటోలతోనే. ఆ పాలసీలో 200 లోపు సవారీకి రసీదు లేకున్నా, ఎక్కడి నుంచి ఎక్కడికో రాసి సంతకం పెడితే చాలు. 220 దానికి కుదరదు. యాప్‌లో బుక్ చేశారు కాబట్టి అందులోని బిల్లు జతచేశారు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పెట్టి ఊరుకునేవాళ్లున్నారు. డబ్బు ఫలానావాళ్లకు వెళ్లిందని అది చెబుతుంది గానీ, టిఫినుకా చీరకా అన్నది చెప్పదు.

అన్నీ కూడితే 9,440. ముందుగా తీసుకున్న అడ్వాన్సు 5,000 పోను రావాల్సింది 4,440. ఈ మూడు అంకెలూ ఫారం అడుగున ఒకదాని కింద ఒకటి ఉండాలి. ప్రతి బిల్లు మీదా 1, 2, 3 అని నంబరు వేసి, ఫారంలో అదే వరుసలో తేదీతో రాయాలి. 9న గదిలో దిగినట్టు హోటల్ బిల్లు చెబుతుంటే విశాఖ భోజనం బిల్లు మీద 8 ఉంటే, ఫైలు అక్కడే ఆగుతుంది.

ఇంకొకటి. హోటళ్లలో మెషిన్ నుంచి వచ్చే ఆ నున్నటి చీటీలో సిరా ఉండదు, వేడికి కాగితమే నల్లబడి అక్షరాలవుతాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టినా, ఎండ తగిలినా అవి కొన్నాళ్లకు వెలిసిపోతాయి. తెల్ల కాగితానికి ఎకౌంట్స్‌లో ఎవరూ డబ్బివ్వరు. బిల్లు చేతికి రాగానే ఫొటో తీసుకోండి.