తొమ్మిదిమంది పోవలసిన చోట నలుగురు

డిగ్రీ చదువుతున్న మా తమ్ముడి కూతురు మొన్న స్టాటిస్టిక్స్ నోట్సు జిరాక్స్ పట్టుకొచ్చింది. అందులో ఒక చిన్న పట్టిక, పక్కనే కై-స్క్వేర్ సూత్రం. "పెదనాన్నా, గడులు నాలుగున్నాయి కదా, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఒకటే అని ఎందుకు రాశారు?" అని అడిగింది. పట్టిక చూడగానే గుర్తుపట్టాను. 1948లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రకటించిన క్షయ పరీక్ష ఫలితం అది.

అప్పటికి స్ట్రెప్టోమైసిన్ కొత్త మందు. బ్రిటన్‌కు దొరికిందే కొద్దిగా. అందుకని రెండు ఊపిరితిత్తులూ దెబ్బతిన్న 107 మంది రోగులను తీసుకుని, ఎవరికి మందు, ఎవరికి పడక విశ్రాంతి మాత్రమే అన్నది మూసిన కవర్లలోని చీటీలను బట్టి తేల్చారు. ఆరు నెలల తర్వాత లెక్క ఇది:

| | చనిపోయినవారు | బతికినవారు | మొత్తం |
|---|---|---|---|
| మందు ఇచ్చినవారు | 4 | 51 | 55 |
| విశ్రాంతి మాత్రమే | 14 | 38 | 52 |
| మొత్తం | 18 | 89 | 107 |

నాలుగుకీ పద్నాలుగుకీ తేడా కళ్లకు కనిపిస్తూనే ఉంది. కానీ జబ్బు బాగా ముదిరినవారు చీటీల్లో ఎక్కువమంది రెండో గుంపులో పడి ఉండవచ్చు కదా? ఈ అనుమానం తీర్చడానికే కై-స్క్వేర్.

ముందు మందుకూ ప్రాణానికీ ఏ సంబంధమూ లేదనే అనుకుందాం. అప్పుడు 107 మందిలో 18 మంది పోయిన నిష్పత్తే రెండు గుంపుల్లోనూ కనిపించాలి. మందు తీసుకున్న 55 మందిలో 55ను 18తో గుణించి 107తో భాగిస్తే 9.25. అంటే ఇంచుమించు తొమ్మిదిమంది పోవలసిన చోట నలుగురే పోయారు. ఇలా లెక్కగట్టినదాన్ని ఆశించిన సంఖ్య అంటారు. మిగతా గడులకు ఇంత శ్రమ అక్కర్లేదు. మొత్తాల్లోంచి తీసేస్తే 8.75, 45.75, 43.25 వాటంతటవే వస్తాయి.

పాప ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అంచుల్లోని మొత్తాలు ఖాయమయ్యాక ఒక్క గడి నింపితే చాలు, తక్కిన మూడింటికీ వేరే దారి లేదు. స్వేచ్ఛ ఉన్నది ఒక్క గడికే.

ఇక ప్రతి గడిలోనూ అసలు సంఖ్యకూ ఆశించిన సంఖ్యకూ తేడా తీసి, వర్గం చేసి, ఆశించిన సంఖ్యతో భాగించాలి. తేడా నాలుగు గడుల్లోనూ 5.25 చొప్పునే. అయితే తొమ్మిదిమంది అనుకున్నచోట అయిదుగురు తగ్గడం పెద్ద విషయం, నలభై అయిదుమంది అనుకున్నచోట అయిదుగురు పెరగడం అంత కాదు. భాగహారం చెప్పేది అదే. ఇంచుమించు 2.98, 3.15, 0.60, 0.64 వచ్చాయి; దశాంశాలు కుదించకుండా కలిపితే 7.38.

ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌కు నూటికి అయిదు హద్దు 3.84, నూటికి ఒకటి హద్దు 6.63. మన సంఖ్య రెండూ దాటింది. మందుకు ఏ ప్రభావమూ లేకపోతే ఇంత తేడా చీటీల వల్లే రావడం నూటికి ఒక్కసారి కూడా ఉండదు.

ఈ పరీక్షను 1900లో తెచ్చిన కార్ల్ పియర్సన్ ఇలాంటి పట్టికకు మూడు డిగ్రీలు లెక్కేసేవాడు. ఒకటే అని 1922లో ఆర్.ఎ. ఫిషర్ సరిదిద్దాడు. మూడు డిగ్రీలకు నూటికి అయిదు హద్దు 7.81. పియర్సన్ పద్ధతిలో చూసి ఉంటే ఇదే 7.38 ఆ గీత దాటేది కాదు! ప్రాణాలు నిలిపిన మందును "తేలలేదు" అని పక్కనపెట్టవలసి వచ్చేది. అందుకే పాప అడిగింది చిన్న ప్రశ్న అనిపించలేదు నాకు.

నోట్సు చివర్లో ఒక హెచ్చరిక ఉంది: ఆశించిన సంఖ్య ఏ గడిలోనూ 5 కంటే తగ్గకూడదని. మన పట్టికలో అతి చిన్నది 8.75, కాబట్టి ఇబ్బంది లేదు. తగ్గితే హద్దుల పట్టికను నమ్మలేం, ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్ష చేసుకోవాలి. ఇక్కడ చూడవలసింది ఆశించిన సంఖ్యను, అసలు సంఖ్యను కాదు. మందు గడిలో 4 ఉందని చాలామంది అనవసరంగా కంగారుపడతారు.

అన్నీ విన్నాక పాప తానే లెక్క వేసింది. జవాబు 14 దాటింది. కాగితం తీసుకుని చూస్తే గడుల్లో 7, 93, 27, 73 ఉన్నాయి. మనుషుల్ని తీసేసి శాతాలు వేసుకుంది. అలా వేస్తే గుంపుకు వందమంది ఉన్నట్టే, లేని మనుషుల సాక్ష్యం కూడా కలిసినట్టే. కొట్టేసి, 4 దగ్గర మళ్లీ మొదలుపెట్టింది.