లోకానికి పాత సైటు, మీ ల్యాప్‌టాప్‌కి కొత్తది

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే దుకాణానికి ఒక వెబ్‌సైటు ఉందనుకుందాం. పండగ గిరాకీ వచ్చిందంటే పాత సర్వర్ మొరాయిస్తోంది. యజమాని వేరే చోట కొత్త సర్వర్ తీసుకుని, సైటు మొత్తాన్ని అందులోకి కాపీ చేయించారు. ఇక మిగిలింది డీఎన్ఎస్ మార్చడమే. అంటే, ఆ దుకాణం పేరు ఎవరు అడిగినా ఇకపై కొత్త సర్వర్ నంబరు చెప్పేలా రికార్డు దిద్దడం. దిద్దాక లోపం బయటపడితే అది కొనేవాళ్ల ముందే బయటపడుతుంది. వెంటనే వెనక్కి తిప్పుదామన్నా కుదరదు. ఒకసారి అందుకున్న జవాబును ఇంటర్నెట్ కంపెనీల సర్వర్లు టీటీఎల్ అనే గడువు తీరేదాకా దాచుకుంటాయి. అందుకని ముందే చూసుకోవాలి.

కొత్త సర్వర్ ఐపీ అడ్రస్‌ను బ్రౌజర్లో నేరుగా కొడితే సరిపోదా? సాధారణంగా సరిపోదు. ఒకే సర్వర్‌లో పదుల కొద్దీ సైట్లు కాపురముంటాయి. బ్రౌజర్ తాను ఏ పేరుతో వచ్చిందో చెబితేనే సర్వర్ ఆ పేరున్న సైటును చూపిస్తుంది. ఉత్త నంబరుతో వెళితే హోస్టింగ్ కంపెనీ పేజీయో, ఇంకెవరి సైటో కనిపిస్తుంది. పైగా వర్డ్‌ప్రెస్ సైటు తన అడ్రస్‌ను డేటాబేస్‌లో రాసిపెట్టుకుంటుంది. వేరే అడ్రస్‌తో తలుపు తడితే, రాసుకున్న అడ్రస్‌కే మనల్ని పంపేస్తుంది. ఆ అడ్రస్ ఇంకా పాత సర్వర్‌నే చూపుతోంది కాబట్టి తిరిగి తిరిగి పాత సైటుకే చేరతాం.

కాబట్టి పేరు అదే ఉండాలి, నంబరు మాత్రం మారాలి. ఆ పని చేసేదే ప్రతి కంప్యూటర్లోనూ ఉండే హోస్ట్స్ ఫైలు. డీఎన్ఎస్ కంటే ఇది పాతది. అర్పానెట్ రోజుల్లో నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లు, నంబర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని నిర్వహించేది, మిగతావాళ్లు కాపీ తెచ్చుకునేవాళ్లు. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ పద్ధతి తట్టుకోలేకపోయింది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. అయినా పాత ఫైలును ఎవరూ తీసేయలేదు. నేటికీ మన ల్యాప్‌టాప్ సాధారణంగా ముందు అందులోనే వెతుకుతుంది, అక్కడ దొరక్కపోతేనే బయట అడుగుతుంది.

విండోస్‌లో ఈ ఫైలు ఇక్కడ ఉంటుంది:

```
C:\Windows\System32\drivers\etc\hosts
```

మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ `/etc/hosts`. విండోస్‌లో నోట్‌ప్యాడ్‌ను మామూలుగా తెరిస్తే మార్పు సేవ్ కాదు. స్టార్ట్ మెనూలో దాని మీద రైట్ క్లిక్ చేసి `Run as administrator` ఎంచుకోవాలి. ఫైలు తెరిచేటప్పుడు కింద `All files` పెట్టకపోతే ఆ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. ఈ ఫైలు పేరుకు `.txt` తోక ఉండదు. పొరపాటున `hosts.txt` అని సేవ్ అయితే విండోస్ దాన్ని పట్టించుకోదు. చివర్లో ఈ రెండు వరుసలు చేర్చాలి. పేరూ నంబర్లూ నమూనా కోసమే:

```
203.0.113.25   example.com
203.0.113.25   www.example.com
```

ముందు నంబరు, తర్వాత పేరు. `www` ఉన్నదీ లేనిదీ రెండూ రాయాలి. ఈ ఫైలుకు నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటినీ కలిపేసే సదుపాయం లేదు. చీరల ఫొటోలు `img.example.com` నుంచి వస్తుంటే దానికీ ఒక వరుస కావాలి. లేకపోతే పేజీ కొత్త సర్వర్‌దీ, ఫొటోలు పాతదానివీ అవుతాయి. అంతా బాగున్నట్టే కనబడుతుంది. సేవ్ చేశాక బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవండి. అప్పటికీ మార్పు రాకపోతే విండోస్‌లో `ipconfig /flushdns` కొట్టండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రెండు సైట్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి కదా, చూస్తున్నది ఏదో ఎలా తెలుస్తుంది? క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి `Network` తెరిచి, పేజీని మళ్లీ లోడ్ చేసి, మొదటి వరుస మీద క్లిక్ చేస్తే `Remote Address` ఎదురుగా కొత్త నంబరు ఉండాలి. విపిఎన్ గానీ ఆఫీసు ప్రాక్సీ గానీ నడుస్తుంటే పాత నంబరే రావచ్చు. ముఖ్యంగా ప్రాక్సీ ఉన్నప్పుడు పేరును వెతికేది మీ ల్యాప్‌టాప్ కాదు, మీ ఫైలు సంగతి ఆ ప్రాక్సీకి తెలియదు. `nslookup` కొట్టి పాత నంబరు వచ్చిందని కంగారు పడొద్దు. అది హోస్ట్స్ ఫైలును చూడకుండా నేరుగా డీఎన్ఎస్‌నే అడుగుతుంది. `ping` మాత్రం ఈ ఫైలును చూస్తుంది.

సైటు తెరవగానే బ్రౌజర్ ఎర్రజెండా చూపించే అవకాశం ఎక్కువ. కొత్త సర్వర్‌కు ఆ పేరు మీద హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ ఇంకా లేకపోవడమే కారణం. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ను అడుగుదామంటే, అది మామూలు పద్ధతిలో ఆ పేరున్న సైటులో ఒక ఫైలు ఉందో లేదో చూసి వస్తుంది. అది చూసేది లోకమంతా చూసే డీఎన్ఎస్‌ను కాబట్టి నేరుగా పాత సర్వర్‌కు వెళ్లి ఉత్తచేతులతో తిరిగొస్తుంది. దీనికి దారులు రెండు. పాత సర్టిఫికెట్‌నూ దాని ప్రైవేట్ కీనీ కొత్త సర్వర్‌లోకి తెచ్చుకోవచ్చు. లేదా డీఎన్ఎస్‌లో `_acme-challenge` అనే టీఎక్స్‌టీ రికార్డు చేర్చి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. సైటును ఎటూ కదపకుండానే పని జరుగుతుంది కనుక రెండోదే నయమని నా అభిప్రాయం.

సర్టిఫికెట్ దగ్గర బయటపడిన ఈ చిక్కు డబ్బు చెల్లింపుల దగ్గర ఇంకా ముదురుతుంది. మనం అబద్ధం చెప్పింది మన ల్యాప్‌టాప్‌కి మాత్రమే. కొత్త సైటులో ఒక చీర కొని, యూపీఐతో డబ్బు కట్టి చూశారనుకోండి. బ్రౌజర్ తిరిగి వచ్చేది కొత్త సైటుకే. కానీ డబ్బు అందిందన్న కబురును పేమెంట్ గేట్‌వే తన సర్వర్ నుంచి విడిగా కూడా పంపుతుంది. ఆ కబురు డీఎన్ఎస్ ప్రకారం పాత సర్వర్‌కు చేరుతుంది. దాని మీదే ఆధారపడే సైటయితే కొత్త దాంట్లో ఆర్డరు చెల్లింపు కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. రెండు డేటాబేస్‌లూ ఒకే వరుస నంబర్లతో నడుస్తాయి కాబట్టి, పాత సైటులో అదే నంబరుతో వేరొకరి ఆర్డరు ఉండే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఈ ఒక్క పరీక్షను హోస్ట్స్ ఫైలుకు అప్పగించకూడదు. డీఎన్ఎస్ మారిన వెంటనే ఒక చిన్న నిజమైన ఆర్డరుతో చూసుకోవాలి.

ఇంకో వింత, కొత్త సర్వర్ తన పేరుతో తనకే కబురు పంపుకున్నా అది పాత సర్వర్‌కే పోవచ్చు. వర్డ్‌ప్రెస్ తన గడువు పనుల కోసం `wp-cron.php`ను అలాగే పిలుచుకుంటుంది. సర్వర్ లోపలి హోస్ట్స్ ఫైలులో వరుస చేర్చి దీన్ని సరిచేయవచ్చు. అయితే అప్పుడు గడువు ఈమెయిళ్లు రెండు సర్వర్ల నుంచీ వెళ్లి, కొనుగోలుదారుకు రెండేసి అందుతాయి. అందుకే ముందు మెయిళ్లు ఆపి ఆ పని చేయాలి.

డీఎన్ఎస్ మార్చిన రోజు మొదట చేయాల్సింది ఆ రెండు వరుసలనూ తీసేయడం. అవి ఉన్నంతకాలం, రికార్డులో ఒక అంకె తప్పు పడి ఊరంతటికీ సైటు తెరుచుకోకపోయినా మీకు మాత్రం చక్కగా తెరుచుకుంటుంది. ఏడాది తర్వాత మళ్లీ సర్వర్ మారితే కథ తలకిందులవుతుంది. అందరికీ తెరుచుకునే సైటు మీ ఒక్కరికే తెరుచుకోదు. అప్పటికి ఈ ఫైలు సంగతి ఎవరికి గుర్తుంటుంది? వరుసలు తీసేశాక `nslookup`, `ping` రెండూ ఒకే నంబరు చెబుతున్నాయో లేదో చూడండి. ఆపైన వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఫోన్లో సైటు తెరిచి చూడండి.