ఏ పిక్సెల్ బొమ్మది, ఏ పిక్సెల్ గోడది?

కొండపల్లి ఎడ్లబండి బొమ్మను బల్లమీద పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి, వెనకున్నదంతా తీసేయమని ఒక ఆప్‌కి ఇచ్చారనుకోండి. కాసేపట్లో బల్లా గోడా పోయి, ఎడ్లు, బండి, తోలేవాడు మిగులుతారు. ఎడ్ల వీపులు, కొమ్ములు చక్కగా తెగి ఉంటాయి. చక్రాల దగ్గరే తేడా వస్తుంది. ఆకుల మధ్య సందుల్లో గోడరంగు ఉండిపోతుంది, లేదా ఒకటి రెండు ఆకులు మాయమవుతాయి. ఎద్దును అంత బాగా పట్టుకున్న ప్రోగ్రామ్ చక్రం దగ్గర ఎందుకు తడబడింది?

ఈ పని చేసే నెట్‌వర్క్‌లలో బాగా వాడుకలో ఉన్న ఒకదాన్ని తీసుకుందాం. దాని పేరు యూ-స్క్వేర్-నెట్. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో షూబిన్ చిన్, ఆయన సహచరులు 2020లో దీన్ని ప్రకటించారు. ఉచితంగా దొరికే rembg అనే ప్రోగ్రామ్ మామూలుగా వాడేది దీన్నే.

ఈ నెట్‌వర్క్‌కు ఎద్దు అంటే ఏమిటో తెలియదు. ‘ఇది ఎద్దు, ఇది చక్రం’ అని పేర్లు పెట్టడం దీనికి నేర్పలేదు. నేర్పింది ఒక్కటే: ఈ ఫొటో చూసిన మనిషి కన్ను దేనిమీద నిలుస్తుంది? శిక్షణకు వాడిన డట్స్ అనే సేకరణలో 10,553 ఫొటోలున్నాయి. ప్రతి ఫొటోకూ జంటగా ఒక నలుపు తెలుపు చిత్రం ఉంటుంది. మనుషులు ముఖ్యమనుకున్న వస్తువు అందులో తెల్లగా, తక్కినదంతా నల్లగా ఉంటుంది. ఏది ముఖ్యం అన్న తీర్పు యంత్రానిది కాదు, ఆ చిత్రాలు గీసినవాళ్లది. అలాంటి వేల తీర్పుల పోలికను యంత్రం పట్టుకుంది. నడుమ ఉన్నది, చుట్టూ ఉన్నదానికి భిన్నమైన రంగున్నది, అంచులు స్పష్టంగా ఉన్నది ముఖ్యమయ్యే అవకాశం ఎక్కువని ఆ జంటల నుంచే గ్రహించింది.

ఇక మన ఫొటో. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు అనుకుందాం. నెట్‌వర్క్ దాన్ని ఉన్నది ఉన్నట్టు చూడదు. ముందు 320 నిలువు వరుసలు, 320 అడ్డ వరుసల చతురస్రంలోకి కుదిస్తారు. అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు లక్షకు కాస్త పైగా గడులవుతాయి. ఒక్కో గడిలోకి అసలు ఫొటోలోని పన్నెండున్నర పిక్సెళ్ల వెడల్పు, తొమ్మిదికి పైగా ఎత్తు ఇమిడిపోతాయి. చక్రం ఆకు మందం పది పిక్సెళ్లు ఉంటే, నిలువుగా నిలబడ్డ ఆకు ఒక గడిని కూడా పూర్తిగా నింపలేదు. దాని ఎరుపూ, పక్కనున్న గోడ తెలుపూ కలిసి లేత గులాబీ గడి ఒకటి మిగులుతుంది. మన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. నెట్‌వర్క్ ఆలోచన మొదలుకాకముందే ఆకు కరిగిపోయింది.

ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. మొదటి అంచెలో ప్రతి గడినీ దాని ఇరుగుపొరుగు గడులతో కలిపి చూస్తుంది. అక్కడ తెలిసేది రంగు మారిన చోటు, గీత, గరుకుదనం. తర్వాత చిత్రాన్ని సగానికి సగం కుదిస్తూ పోతుంది: 320 నుంచి 160, 80, 40, 20, చివరికి 10. పదికి పది గడుల అంచె చేరేసరికి ఒక్కో గడికి ఫొటోలో చాలా భాగం తెలుస్తుంది. ‘నడుమ పెద్ద వస్తువొకటి ఉంది, చుట్టూ సాదా గోడ’ అన్నది ఇక్కడ తేలుతుంది. అయితే దాని హద్దు ఎక్కడో ఈ అంచెకు తెలియదు, ఎందుకంటే ఇక్కడ కొమ్ము, చెవి, కాడి అన్నీ ఒకే గడిలో పడిపోయాయి.

అందుకే నెట్‌వర్క్ వచ్చిన దారినే వెనక్కి వెళుతుంది. పది గడుల చిత్రాన్ని ఇరవైకి పెంచి, దిగేటప్పుడు ఇరవై దగ్గర దాచుకున్న వివరాలను దానితో కలుపుతుంది. అలాగే నలభై, ఎనభై దాటుకుంటూ 320 దాకా. విశాల దృష్టి ‘వస్తువు ఈ ప్రాంతంలో ఉంది’ అంటే, సూక్ష్మ దృష్టి ‘రంగు సరిగ్గా ఈ గీత దగ్గర మారింది’ అంటుంది. రెండూ ఒప్పుకున్న చోట హద్దు గట్టిగా పడుతుంది. గోడమీద బీట కూడా రంగు మారిన చోటే. కానీ వస్తువు అక్కడ లేదని విశాల దృష్టి చెప్పడంతో బీట పక్కకు పోతుంది. ఎద్దు పొట్టమీద తెల్లమచ్చ గోడ రంగులోనే ఉన్నా, వస్తువు మధ్యలో ఉంది కాబట్టి మిగులుతుంది. ఈ నెట్‌వర్క్‌లో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఈ కలయికే.

చివరికి ప్రతి గడికీ ఒక అంకె వస్తుంది. అది సున్నాకు దగ్గరైతే వెనకది, ఒకటికి దగ్గరైతే వస్తువుది. ఎద్దు వీపుకు 0.99, గోడకు 0.01 రావచ్చు. మన గులాబీ గడికి 0.5 దగ్గర ఏదో వస్తుంది. శిక్షణలో తప్పుకు వేసే శిక్ష కూడా ఇక్కడ తోడవుతుంది. నిజంగా వస్తువుదైన గడికి 0.88 ఇస్తే శిక్ష 0.13, అదే గడికి 0.12 ఇస్తే 2.1. గట్టిగా చెప్పి తప్పితే దెబ్బ పెద్దది కనుక, తేలని చోట నడిమి అంకె ఇవ్వడమే నెట్‌వర్క్‌కు లాభం. పైగా ఈ శిక్షను ఫొటోలోని గడులన్నిటిమీదా సగటు తీస్తారు. అంచు గడులు మొత్తంలో కొద్దిపాటివి. వాటిని మసకగా వదిలినా సగటు పెద్దగా పెరగదు. అంచులమీద ప్రత్యేకంగా పట్టు తెచ్చేందుకు ఇదే బృందంలోని కొందరు 2019లో బాస్‌నెట్ అనే నెట్‌వర్క్‌లో వేరే రకాల శిక్షలను కూడా కలిపారు.

అంకెలు వచ్చాక ఇంకో మెట్టుంది. దాని గురించి ఎక్కువమందికి తెలియదు. ఫొటోలో వచ్చిన అతి చిన్న అంకెను సున్నాగా, అతి పెద్దదాన్ని ఒకటిగా సాగదీస్తారు. మామూలు ఫొటోల్లో దీనివల్ల ఇబ్బంది లేదు. కానీ ఖాళీ గోడ ఫొటో ఇచ్చారనుకోండి. అత్యధిక అంకె 0.08 వచ్చినా అది ఒకటైపోతుంది. ‘ఇక్కడ ముఖ్యమైనదేదీ లేదు’ అని చెప్పే వీలు పోయి, గోడమీది మరకే ప్రధాన వస్తువుగా బయటికి వస్తుంది. అర్థంలేని ముక్క మిగిలిందంటే ఇది జరిగిందేమోనని ముందు అనుమానించాలి.

తర్వాత 320 గడుల చిత్రాన్ని మళ్లీ 4000 పిక్సెళ్లకు సాగదీసి ఫొటోమీద పరుస్తారు. ఒక్క గడి సందేహం ఇప్పుడు డజను పిక్సెళ్ల మసక అంచు అవుతుంది. అందులో గోడరంగు కలిసే ఉంటుంది కాబట్టి, బొమ్మను ముదురు రంగుమీద పెట్టగానే చుట్టూ తెల్లని వలయం కనిపిస్తుంది.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే కత్తిరించిన బొమ్మను కాదు, ఆ నలుపు తెలుపు చిత్రాన్నే చూడాలి. rembg అయితే ఈ ఆదేశం దాన్ని విడిగా ఇస్తుంది:

```
rembg i -om bandi.jpg mask.png
```

అందులో బూడిదరంగు ఉన్న చోటల్లా నెట్‌వర్క్ తేల్చుకోలేదన్నమాట. బూడిదరంగు సన్నని గీతలా అంచు వెంటే ఉంటే అది కొలత సమస్య. ఒక వస్తువు మొత్తం బూడిదరంగులో ఉంటే అది తీర్పు సమస్య. బొమ్మను పట్టుకున్న చెయ్యి తరచూ ఇలా వస్తుంది. చెయ్యి బొమ్మలో భాగమా కాదా అన్నదానికి మనుషులే తలో మాట చెబుతారు.

తీర్పు సమస్య వస్తే ఫొటో మళ్లీ తీయడమే మేలు: చెయ్యి లేకుండా, బొమ్మకు విరుద్ధమైన రంగు గుడ్డమీద, నీడ పడకుండా. కొలత సమస్యకు మళ్లీ తీయనక్కర్లేదు. బొమ్మ చుట్టూ దగ్గరగా 2000కు 1500 పిక్సెళ్ల మేర కత్తిరించి ఇస్తే, ఒక్కో గడిలోకి వచ్చే వెడల్పు ఆరు పిక్సెళ్లకు కాస్త పైకి దిగుతుంది. పది పిక్సెళ్ల ఆకుకు అప్పుడు గడిన్నర దక్కుతుంది. ఆకు నిలబడుతుంది, సందు కూడా చాలావరకు తెరుచుకుంటుంది. చక్రం నడిబొడ్డున ఆకులన్నీ కలిసే చోట మాత్రం సందులు అంతకంటే సన్నగా ఉంటాయి కాబట్టి, అక్కడ చేత్తో దిద్దుకోవాల్సిందే.